అమ్మమ్మ ఉత్తరంలో లేని ఫుల్‌స్టాప్

ప్రశ్న: నేనొక చిన్న కథ రాశాను. అమ్మమ్మ పోయాక ఆమె ట్రంకు పెట్టెలో పాత ఉత్తరాలు దొరుకుతాయి. 1961 ప్రాంతంలో గుంటూరు నుంచి, నాగార్జునసాగర్ పనుల మీద ఉన్న తాతయ్యకు ఆమె రాసినవి. అమెరికాలో ఉన్న మామయ్య మనవలకు తెలుగు రాదు కాబట్టి మనవరాలు వాటిని ఇంగ్లీషులోకి మారుస్తూ, ఆప్యాయంగా అన్న ప్రతి మాట దగ్గరా ఆగిపోతుంది. చదివిన స్నేహితులు "మొదటి పేజీ బాగుంది, తర్వాత డిక్షనరీ చదువుతున్నట్టుంది" అన్నారు. ఉత్తరాలు కూడా నిజం ఉత్తరాల్లా లేవట. ఎక్కడ తేడా వచ్చింది? అసలు తెలుగు కథలో ఇంగ్లీషు అనువాదాన్ని ఎలా చూపించాలి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం:

మీరు జతచేసిన కథ చదివాను. మీ స్నేహితులు చెప్పింది నిజమే. కానీ లోపం అనువాదంలో లేదు, ఉత్తరాల్లో ఉంది. అమ్మమ్మ చేత "ప్రియమైన", "నా ప్రాణమా", "మీ తలపులతో" అని రాయించారు. అలాంటి మాటలే ఉన్నాయి కాబట్టి మనవరాలికి వాటి దగ్గర ఆగడం తప్ప వేరే పని లేకుండా పోయింది. పైగా ఆ మాటలు ఇంగ్లీషులోకి మార్చడానికి ఏమంత కష్టమైనవి కావు. "ప్రియమైన" అంటే డియర్, అంతే. ఆ అమ్మాయి కష్టపడుతోందని మీరు చెబుతున్నారు గానీ చదివేవాళ్లకు ఆ కష్టం ఎక్కడా కనబడటం లేదు.

అందుకని ముందు ఉత్తరాల సంగతి చూద్దాం. అనువాదం తర్వాత దానంతట అదే దారికొస్తుంది.

మీ కథలో అమ్మమ్మ రాసిన ఉత్తరాలు అమ్మమ్మ పెట్టెలోనే దొరికాయి. ఎవరైనా రాసిన ఉత్తరం అందుకున్నవాళ్ల దగ్గర ఉంటుంది కదా. అమ్మమ్మ పెట్టెలో ఉండవలసినవి తాతయ్య ఆమెకు రాసినవి. ఆమె రాసినవి అక్కడికి చేరాయంటే తాతయ్య వాటిని సాగర్‌లో దాచి, పని ముగిసి వచ్చేటప్పుడు సామానుతో పాటు ఇంటికి తెచ్చాడన్న మాట. మీరు ఈ సంగతి ఒక్క వాక్యంలో కూడా తాకలేదు. నాకైతే మీ కథలో అన్నిటికంటే ఆప్యాయమైన పని ఇదే అనిపించింది, దానికి ఒక్క ప్రేమ మాట కూడా అక్కర్లేదు.

దీన్ని చూపించడానికి మంచి ఆధారం కూడా ఉంది. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో వచ్చిన ఉత్తరాలను గోడకు వేలాడే ఇనప తీగకు గుచ్చేవారు. తీగ నిండితే పాతవి తీసి కట్ట కట్టేవారు. అలా దాచిన ప్రతి ఉత్తరానికీ నడిమధ్యన ఒక చిల్లు, దాని చుట్టూ తుప్పు మరక ఉంటాయి. పెట్టెలో ఉన్న మిగతా కాగితాలకు, అంటే తాతయ్య తండ్రి రాసిన కార్డులకు, మనియార్డరు రశీదులకు ఆ చిల్లు ఉండి, అమ్మమ్మ రాసిన వాటికి మాత్రం లేదనుకోండి. అవి తీగకు ఎక్కలేదు, వేరే చోట ఉన్నాయి. మనవరాలు ఉత్తరాలను సర్దుకుంటూ ఉండగా ఇది గమనిస్తే చాలు. గమనించి ఊరుకోనివ్వండి, వ్యాఖ్యానం వద్దు. అదే పెట్టెలో ముత్తవ్వ చనిపోయిన కబురు కార్డు కూడా దొరికినట్టు రాశారు. అది తీసెయ్యండి. చావు కబురు తెచ్చిన కార్డును చదివి చింపేయడమే మన దగ్గర అలవాటు, ఇంట్లో దాచరు.

ఇంకో రెండు చిన్న దిద్దుబాట్లు. చిరునామాలో పిన్ కోడ్ రాశారు. అది 1972 ఆగస్టు 15న వచ్చింది, 1961 ఉత్తరం మీద ఉండదు. ఇన్లాండ్ లెటర్ మడతల్లో మల్లెపువ్వు రేకులు పెట్టారు. ఇన్లాండ్‌లో ఏమీ పెట్టకూడదని దాని మీదే అచ్చేసి ఉంటుంది. పెట్టినవాళ్లు లేరని అనను గానీ, మీరు చూపించిన ఇంట్లో, ఉత్తరం మామగారి చేతి మీదుగా పోస్టు డబ్బాకు వెళ్తున్నప్పుడు, ఆ కోడలు ఆ పని చేయదు.

ఇక అసలు విషయం అదే, ఆ ఉత్తరం ఎవరెవరి చేతుల మీదుగా వెళ్తోంది? కార్డయితే పోస్ట్‌మన్ దాకా అందరూ చదవచ్చు. కవరు కొంటే ఖర్చు ఎక్కువ, దానికంటే ముఖ్యంగా "కవరెందుకు, అంత ఏం రాసిందో" అనే ప్రశ్న ఇంట్లో పుడుతుంది. మిగిలింది ఇన్లాండ్. మన దేశంలో అది 1950లో మొదలైంది, 1961 నాటికి మామూలు వస్తువే. అంటించేస్తే పైకి ఏమీ కనబడదు. కానీ ఉమ్మడి ఇంట్లో అది అంత తొందరగా అంటించరు. కోడలు రాశాక అత్తగారు తనూ రెండు ముక్కలు రాస్తానంటుంది. మామగారు ఒకసారి చూసి, పైన ఇంగ్లీషులో చిరునామా రాసి, అప్పుడు అంచులు తడిపి అంటిస్తాడు. అంటే మీ అమ్మమ్మ రాసే ప్రతి వాక్యాన్నీ భర్త కంటే ముందు ఇద్దరు చదువుతారని ఆమెకు తెలుసు. ఆ తెలివిడితోనే ఆమె రాస్తుంది. "నా ప్రాణమా" అని రాసే అవకాశమే లేదు. రాయకుండా ఎలా చెబుతుందన్నది మీరు కనిపెట్టాలి.

కథ మొదలుపెట్టకముందే ఆ ఉత్తరాలను పూర్తిగా, కథతో సంబంధం లేకుండా, రాసి పెట్టుకోండి. ఒక్కటి నేను రాసి చూపిస్తాను, మీకు నచ్చినట్టు మార్చుకోండి:

"శ్రీ. గుంటూరు, 12-7-61. పూజ్యులైన శ్రీవారి పాదములకు నమస్కరించి వ్రాయునది ఇక్కడ మేమందరము క్షేమము మీ క్షేమము తెలియజేయవలెను మామయ్యగారికి దగ్గు తగ్గినది డాక్టరుగారు ఇంకొక సీసా మందు ఇచ్చినారు మీరు పంపిన మనియార్డరు అందినది అబ్బాయిని బడిలో వేసినాము ముందు ఏడ్చాడు ఇప్పుడు వెళ్తున్నాడు ఇక్కడ ఇంకా వానలు లేవు అక్కడ ఎండ ఎట్లా ఉంది ఆ రాళ్ల మీద తిరగటం కదా తలకి నూనె రాసుకుంటున్నారా అత్తయ్యగారు అడగమన్నారు మాచర్ల బండికి ఎవరైనా వస్తున్నారా కందిపొడి కొట్టి ఉంచాము అబ్బాయి లేచాడు ఉంటాను. ఇట్లు మీ విధేయురాలు."

దీని కింద, మడత మీద మిగిలిన కాస్త జాగాలో అత్తగారి చేతిరాత: "నాయనా డబ్బు అందింది కౌలు సంగతి నువ్వు వచ్చినాక మాట్లాడదాం బండికి వచ్చేవాళ్లుంటే రాయి పొడి పంపుతాను."

ఇందులో ఒక్క ప్రేమ మాటయినా ఉందా? లేదు. అయినా మనవరాలు ఆగి తీరవలసిన చోట్లు ఉన్నాయి. ఆమె కళ్లతో చూద్దాం.

మొదటిది ఉత్తరం నడకలో ఉంది. "వ్రాయునది", "తెలియజేయవలెను", "తగ్గినది" – ఇవి ఆమె మాటలు కావు, ఉత్తరాల మాటలు. అప్పట్లో ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో బడిలోనో ఇంట్లోనో నేర్పేవారు, ఆమె నేర్చుకున్నట్టే రాసింది. అబ్బాయి బడి దగ్గర "వేసినాము" కాస్తా "ఏడ్చాడు" అయింది. ఎండ దగ్గరకు వచ్చేసరికి పూర్తిగా నోటి మాటే: "ఎండ ఎట్లా ఉంది", "తిరగటం కదా", "రాసుకుంటున్నారా". చెయ్యి ఉత్తరం రాయడం మానేసి మాట్లాడటం మొదలుపెట్టింది. నాగార్జునసాగర్ డ్యాం రాతి కట్టడం, ఆ పని మీద ఉన్న ఓవర్సీరు పగలంతా కాగిన రాళ్ల మీద తిరుగుతాడు. ఆమె మనసు అక్కడికి వెళ్లగానే గ్రాంథికం జారిపోయింది. ఇంగ్లీషులో ఈ తేడా చూపించాలంటే మొదటి వాక్యాలను కొంచెం బిగుసుకున్న, పాతకాలపు ఆఫీసు ఇంగ్లీషులో పెట్టి, ఎండ దగ్గర విడిచిపెట్టాలి. మనవరాలు మొదట్లో ఉత్తరమంతా ఒకే తీరులో, చక్కని ఇంగ్లీషులో రాసేస్తుంది. చదువుకుంటే బాగానే ఉంటుంది, కానీ అమ్మమ్మ ఎక్కడ తన గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టిందో అందులో తెలియదు. మొదటి ప్రతిని పక్కన పెట్టడానికి ఆమెకు ఈ కారణం చాలు.

రెండోది ఇంకా లోతైనది, మీ కథ అంతా దీని మీదే నిలబెట్టవచ్చు. నమస్కారం దగ్గర్నుంచి "ఉంటాను" దాకా ఉత్తరంలో ఎక్కడా ఫుల్‌స్టాప్ లేదు. ఆ తరంలో ఇది మామూలే. కామాలు, చుక్కలు మనకు అచ్చు పుస్తకాలతో పాటు అలవాటయ్యాయి, ఇంటి ఉత్తరాలు రాసేవాళ్లు చాలామంది వాటి జోలికి పోయేవారు కాదు. తెలుగులో చదువుకుంటే ఇబ్బంది లేదు, క్రియ దగ్గర వాక్యం ఆగిందని మనకు తెలిసిపోతుంది. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు మాత్రం చుక్క ఎక్కడ పెట్టాలో తేల్చుకోక తప్పదు. ఇప్పుడు ఈ ముక్క చూడండి:

"తలకి నూనె రాసుకుంటున్నారా అత్తయ్యగారు అడగమన్నారు మాచర్ల బండికి ఎవరైనా వస్తున్నారా"

అత్తయ్యగారు ఏమి అడగమన్నారు? నూనె సంగతా, బండి సంగతా? "అడగమన్నారు" తర్వాత చుక్క పెడితే నూనె గురించి అడిగింది అత్తగారు, కోడలు చేరవేసిందంతే. "రాసుకుంటున్నారా" తర్వాత చుక్క పెడితే నూనె ప్రశ్న కోడలిది. భర్త తల మాడిపోతోందేమోనని, అక్కడ నూనె పెట్టేవాళ్లు ఎవరున్నారని అడుగుతున్నది ఆమే. అత్తగారు అడగమన్నది బండి గురించి. ఒక్క చుక్క ఇటు జరిగినా అటు జరిగినా ఉత్తరం మారిపోతుంది.

"రాసుకుంటున్నారా అని అత్తయ్యగారు అడగమన్నారు" అని రాసి ఉంటే ఏ అనుమానమూ ఉండేది కాదు. ఆమె "అని" రాయలేదు. మామగారు చదివితే ఒకలా, భర్త చదివితే ఇంకోలా అర్థమయ్యేలా కావాలనే వదిలేసిందా, లేక పిల్లవాడు లేచాడని తొందరలో రాసేసిందా? మనవరాలికి తెలియదు, మీరూ తెలుసన్నట్టు రాయకండి. కానీ ఆమె తేల్చుకోవలసి వస్తుంది. ఎందుకంటే అటు ఇంగ్లీషులో చదవబోయేవాళ్ల ముందు ఒక వాక్యం పెట్టాలి కదా.

ఇక్కడ మీ కథలో మనవరాలు కన్నీళ్లు పెట్టుకుంటుంది. దాని బదులు అనువాదకులు నిజంగా చేసే పని చేయించండి. అదే చేతి మీది మిగతా ఉత్తరాలు తిరగేసి, ఈ మాట ఎక్కడెక్కడ వచ్చిందో, ఏ వరుసలో వచ్చిందో చూడాలి. ఒక ఉత్తరంలో "మామయ్యగారు అడగమన్నారు శిస్తు రశీదు మీ దగ్గర ఉందా" అని ఉంటుంది. ఇంకోదాంట్లో "అత్తయ్యగారు అడగమన్నారు దీపావళికి సెలవు ఇస్తారా" అని. రెండుచోట్లా ఎవరు అడగమన్నారో ముందు చెప్పి, ప్రశ్న తర్వాత రాసింది. అదే ఆమె అలవాటయితే మన ఉత్తరంలో కూడా అత్తయ్యగారు అడగమన్నది బండి గురించే, నూనె కోడలిదే. అత్తగారు తన చేత్తో రాసిన ముక్కల్లో కూడా డబ్బు, కౌలు, బండి, పొడి ఉన్నాయి గానీ నూనె ఊసే లేదు. ఇది రెండో సాక్ష్యం.

ఒక దొంగ సాక్ష్యం కూడా పెట్టండి, కథకు మంచిది. "రాసుకుంటున్నారా" అని బహువచనంలో ఉంది, తల్లి కొడుకుని అడిగితే "రాసుకుంటున్నావా" అనాలి కదా, కాబట్టి ఇది భార్య మాటే అని మనవరాలు ముందు సంబరపడుతుంది. కాసేపటికి, అత్తగారి మాటను కోడలు తన నోట చెప్పినా ఎలాగూ "మీరు" అనే అంటుందని తడుతుంది. ఆ సాక్ష్యం కొట్టుకుపోతుంది. ఇలా ఒకటి కట్టుకుని ఒకటి కూల్చుకుంటూ పోతుంటే ఆ అమ్మాయి కష్టం చదివేవాళ్లకు కళ్ల ముందు కనబడుతుంది. "ఆమె ఎంతో మథనపడింది" అని మీరు రాయనవసరం లేదు.

నాలుగో ఉత్తరంలో మాత్రం అలవాటుకు ఎదురు వెళ్లే ఉదాహరణ ఒకటి ఉంచమని నా సలహా. "చొక్కాలు కుట్టించుకున్నారా మామయ్యగారు అడగమన్నారు" అని రాసి, అక్కడితో ఉత్తరం అయిపోయి ఉంటుంది. వెనక ఇంకే ప్రశ్నా లేదు కాబట్టి ఇది చొక్కాల గురించే. అంటే ఆమె రెండు విధాలుగానూ రాసేదని తేలుతుంది. దీంతో మనవరాలి వాదం పూర్తిగా నిలబడదు, పూర్తిగా పడిపోదు. సాక్ష్యాలన్నీ ఒకే వైపు ఉంటే అది లెక్క తేల్చినట్టు ఉంటుంది. కొంత అనుమానం మిగిలితేనే, అటో ఇటో తేల్చే బాధ్యత ఆమె మీద పడుతుంది.

ఇంగ్లీషును తెలుగు కథలో ఎలా చూపించాలన్న మీ రెండో ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు దొరుకుతుంది. మీరు రెండు దారులు ప్రయత్నించారు. ఒకచోట ఇంగ్లీషు వాక్యాలను తెలుగు లిపిలో యథాతథంగా పెట్టారు, అవి కూడబలుక్కుని చదవాల్సి వస్తోంది. ఇంకోచోట "సరైన మాట దొరకలేదు" అని ఊరుకున్నారు, అక్కడ మాకు ఏమీ కనబడదు. చుక్క విషయం అలా కాదు. అది తెలుగులోనే కనబడుతుంది. ఆమె చేసిన రెండు ప్రతులనూ మీరు తెలుగులోనే రాయవచ్చు:

"తలకి నూనె రాసుకుంటున్నారా అని అత్తయ్యగారు అడగమన్నారు. మాచర్ల బండికి ఎవరైనా వస్తున్నారా?"

"తలకి నూనె రాసుకుంటున్నారా? మాచర్ల బండికి ఎవరైనా వస్తున్నారేమో అత్తయ్యగారు అడగమన్నారు."

ఇంగ్లీషు ఒక్క అక్షరం లేదు. అయినా అనువాదంలో ఏం జరుగుతోందో ఇంగ్లీషు రానివాళ్లకు కూడా పూర్తిగా అర్థమవుతుంది. తెలుగులో చూపించగలిగిన చిక్కులనే ఎంచుకోండి, తెలుగులో చూపించలేనివి ఎంత అందమైనవైనా ఈ కథలోకి రానివ్వకండి. ఒకటి మాత్రం దాదాపు ఉచితంగా దొరుకుతుంది, వాడుకోండి. భార్య "మీరు" అంటుంది, తల్లి "నాయనా, నువ్వు" అంటుంది. ఇంగ్లీషులో రెండూ "యూ" అయిపోయి, మడత మీద రాసిన అత్తగారు, పైన రాసిన కోడలు ఒకే మనిషిలా వినబడతారు. మనవరాలు తన ఇంగ్లీషు ప్రతిని చదువుకుని, ఇందులో ఇద్దరు ఆడవాళ్లున్నారని ఎలా తెలుస్తుందని అనుకుంటే చాలు, రెండు వాక్యాలకు మించి వద్దు.

చుక్కలు అసలు పెట్టకుండా, అమ్మమ్మ రాసినట్టే ఇంగ్లీషులోనూ వదిలేస్తే సరిపోదా అని మీకు తట్టవచ్చు. మనవరాలికీ తట్టనివ్వండి, ఒక ప్రతి అలా చేయనివ్వండి. చేశాక చదువుకుంటే అమ్మమ్మ చదువురాని మనిషిలా కనబడుతుంది. తెలుగులో అది లోపం కాదు, ఆ కాలం తీరు. ఇంగ్లీషులో చదివే పిల్లలకు మాత్రం బడికి వెళ్లని మనిషి రాసినట్టుంటుంది. ఆ ప్రతిని కూడా ఆమె పక్కన పెట్టేస్తుంది. ఇలా మూడు ప్రతులు అయ్యాయి, ఒక్కోదాన్నీ పక్కన పెట్టడానికి ఒక్కో స్పష్టమైన కారణం ఉంది. మీ కథలో ఇప్పుడు లేనిది ఈ కారణాలే. అక్కడ ఆమె రాస్తుంది, కొట్టేస్తుంది, మళ్లీ రాస్తుంది, ఎందుకు కొట్టేసిందో మాకు తెలియదు.

నూనె గురించి ఫుట్‌నోట్ పెట్టించారు. తలకు చలవ అని, ఆముదమని, తలంటు అని అరపేజీ ఉంది. మనవరాలు అమెరికా పిల్లల కోసం ఫుట్‌నోట్ పెట్టడం సహజమే, కానీ దాన్ని మొత్తం మాకు చదివి వినిపించకండి. మేము నూనె తెలిసినవాళ్లమే. ఇంగ్లీషులో అది జుట్టు సింగారించుకునే వ్యవహారంలా వినబడుతోందని, కాగిన రాళ్లకూ నూనెకూ ఉన్న సంబంధం తెగిపోతోందని ఆమెకు అర్థమైతే చాలు. ఆ సంబంధం నిలవాలంటే "ఆ రాళ్ల మీద తిరగటం కదా" అన్న ముక్కను నూనె ప్రశ్నతో కలిపి ఒకే వాక్యం చేయాలి. కలిపితే మాత్రం నూనె ప్రశ్న కోడలిదే అయిపోతుంది, ఎందుకంటే రాళ్ల గురించి ఆలోచించింది ఆమే. చూశారా, ఫుట్‌నోట్ తప్పించుకోవడానికి చేసిన చిన్న పని కూడా చుక్క ఎక్కడ పెట్టాలన్న నిర్ణయాన్ని ఒకవైపుకు తోసేస్తుంది. అనువాదంలో పని నిజంగా ఇలాగే నడుస్తుంది.

ఆప్యాయమైన మాట ఒక్కటి కూడా ఉండకూడదా అని మీరు బాధపడతారేమో. ఒకటి ఉంచండి, "బెంగ" ఉంచండి. అది మీ కథలో ఇప్పటికే ఉంది, కానీ అమ్మమ్మ తన గురించి చెప్పుకున్నట్టు రాశారు. దాన్ని పిల్లవాడి మీదికి మార్చండి. "అబ్బాయి మీ మీద బెంగ పెట్టుకున్నాడు నిన్నటి నుంచి ఒళ్లు వెచ్చగా ఉంది" అని మరో ఉత్తరంలో రాయించండి. పిల్లల గురించయితే అత్తమామల ముందు కూడా ఏదైనా చెప్పవచ్చు. మన ఇళ్లలో బెంగ ఒట్టి దిగులు కాదు, దానివల్ల జ్వరం వస్తుందని, అన్నం సయించదని నమ్ముతాం. కాబట్టి ఆ వాక్యంలో జ్వరానికి కారణం బెంగే. ఇంగ్లీషులో "మిస్సవుతున్నాడు" అని రాసి చుక్క పెడితే జ్వరం వేరే సంగతి అయిపోతుంది, రెండు కబుర్లు అవుతాయి. ఆమె వెతకవలసింది బెంగకు సమానమైన మాట కోసం కాదు, ఆ రెండు ముక్కల మధ్య ఉన్న అతుకు కోసం. ఇక్కడ కూడా చిక్కు చుక్క దగ్గరే. నూనె ఉత్తరం, బెంగ ఉత్తరం ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, మూడోది అక్కర్లేదు. ప్రతి ఉత్తరంలోనూ ఇలా ఏదో ఒకటి దాచిపెట్టారో, అమ్మమ్మ ఉత్తరాలు రాసినట్టు కాక పొడుపు కథలు వేసినట్టు అయిపోతుంది. మిగతా ఉత్తరాల్లో నిజంగానే దగ్గు, మందు, డబ్బు, కౌలు, వానలు మాత్రమే ఉండనివ్వండి. కథలో వాటిని పూర్తిగా చూపించనవసరం లేదు, ఒక్కో దాంట్లోంచి ఒక్కో వాక్యం చాలు.

మీరు రాసిన ఉత్తరం నిలబడిందో లేదో తెలుసుకోవడానికి నేను నమ్మే పద్ధతి ఒకటుంది. మనవరాలి ఆలోచనలన్నీ తీసేసి ఉత్తరాన్ని విడిగా కాగితం మీద రాసి, ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా చూపించండి. ఇది కథలోదని చెప్పకండి. వాళ్లు చదివి "దగ్గు తగ్గిందా పాపం" అనో, "మాచర్ల బండికి మా వాళ్లు కూడా అలాగే పంపేవాళ్లు" అనో అన్నారంటే అది ఉత్తరంలా ఉంది. గుంటూరు నుంచి మాచర్లకు అప్పుడు మీటర్ గేజి బండి ఉండేది, అక్కడి నుంచి సాగర్‌కు రోడ్డు మీద వెళ్లాలి. ఆ దారిన ఎవరు వెళ్తున్నా వాళ్ల చేతికి పొడులు, పచ్చళ్లు ఇచ్చి పంపిన ఇళ్లు మీ బ్రాడీపేటలో ఇంకా దొరుకుతాయి. అలా కాక వాళ్లు "ఎంత ప్రేమో" అని కళ్లు తుడుచుకున్నారంటే మీరు ఎక్కువ చెప్పేశారని అర్థం, ఏ వాక్యం వాళ్ల చేత ఆ మాట అనిపించిందో కనుక్కుని కొట్టేయండి.

ముగింపు గురించి. ఇప్పుడు కథ చివర మనవరాలు ఖాళీ పెట్టె మీద తల పెట్టుకుని ఏడుస్తుంది, అమ్మమ్మ గొంతు వినబడుతుంది. ఆ పేజీ అంతా తీసెయ్యండి. ఆమె ఒక నిర్ణయం తీసుకుని ఇంగ్లీషు ప్రతి పంపించాలి. ఏది పంపిందో చదివేవాళ్లకు తెలియాలి. నన్నడిగితే నూనె ప్రశ్నను అమ్మమ్మకే ఇచ్చి పంపమంటాను, సాక్ష్యం అటే కాస్త మొగ్గుతోంది. మీరు రెండోది ఎంచుకున్నా తప్పు లేదు, కానీ అప్పుడు ఎందుకు అలా చేసిందో చెప్పగలగాలి. తన అనువాదంలో అమ్మమ్మ గుట్టును కాపాడాలనుకుందా? మామగారి కళ్లు కప్పి చెప్పిన మాటను అరవై ఏళ్ల తర్వాత అమెరికా పిల్లల ముందు తెరవడం ఇష్టం లేకపోయిందా? అది కూడా బలమైన కారణమే, కథ ఇంకో వైపు తిరుగుతుంది.

పంపాక ఫోను వచ్చేది పిల్లల నుంచి కాదు, మామయ్య నుంచి రానివ్వండి. ఉత్తరంలో బడికి వెళ్లనని ఏడ్చిన అబ్బాయి ఆయనే కదా, ఇప్పుడు అరవై దాటి ఉంటాడు. ఆయనకు నూనె సంగతి పట్టదు. "ఆ డాక్టరుగారి పేరు రాయలేదా ఎక్కడా? మా తాతయ్యకి మందిచ్చినాయన?" అని అడుగుతాడు, ఇంకో ఉత్తరంలో ఉందేమో చూడమంటాడు. మనవరాలు మళ్లీ కట్ట విప్పుతుంది. కథ అక్కడ ఆపేయండి.

దిద్దాక ఇంకోసారి పంపండి. అత్తగారి మడత మీది ముక్కలు మీరెలా రాస్తారో చూడాలని ఉంది. నేను రాసినవి కొంచెం పొడిగా వచ్చాయి, కొడుకు మీద ఆవిడకూ ఆపేక్ష ఉంటుంది కదా, అది కౌలు మాటల్లోనే ఎక్కడో కనబడాలి.